ఉత్తరంలో ఉన్న నిరీక్షణ

ప్రియమైన దేవుని బిడ్డలారా, ప్రభువు నామంలో మీకందరికీ వందనాలు. ఇంకాసేపట్లో సంవత్సరం మారుతుంది. ప్రార్థన అయ్యాక అందరూ వాగ్దాన కార్డులు తీసుకుంటారు. ఏటా కొందరికైనా యిర్మీయా 29:11 వస్తుంది: "రాబోవు కాలమందు మీకు నిరీక్షణ కలుగునట్లుగా అవి సమాధానకరమైన ఉద్దేశములేగాని హానికరమైనవి కావు." మనందరికీ ఇష్టమైన వాక్యం. అయితే అది ఎవరికి రాసిన మాటో ఈ రాత్రి చూద్దాం.

అది ఒక ఉత్తరంలోది. నెబుకద్నెజరు యెరూషలేము నుంచి రాజైన యెకోన్యాను, పెద్దలను, కంసాలులను బబులోనుకు చెరపట్టుకుపోయాడు. ఇల్లూ వాకిలీ పోయి, దేవాలయానికి దూరమై, పరాయి దేశంలో బతుకుతున్న వాళ్లకు యిర్మీయా రాశాడు. అప్పటికే హనన్యా అనే ప్రవక్త, రెండేళ్లలో అంతా సర్దుకుంటుందని చెప్పాడు. వినడానికి ఎంత బాగుందో! కానీ దేవుడు అతన్ని పంపలేదు. దేవుడు చెప్పిన లెక్క 70 ఏళ్లు. పదకొండో వచనానికి ముందున్న పదో వచనం చదవండి, అక్కడే ఉంది.

ఆ ఉత్తరం విన్న పెద్దవాళ్లలో చాలామంది తిరిగి యెరూషలేము చూసి ఉండరు. అయినా వాళ్లకే దేవుడు నిరీక్షణ అన్నాడు. నా మనసును బాగా పట్టుకున్న మాట ఇదే. నిరీక్షణ అంటే జనవరి కల్లా కష్టం తీరిపోవడం కాదు, తీరేదాకా దేవుడు మన చెయ్యి వదలకపోవడం.

ఈ ఏడాది మన సంఘంలో వానకు మిర్చి కల్లాల్లోనే తడిసిపోయిన వాళ్లున్నారు. అప్పు వడ్డీ టెన్షన్‌తో నిద్రపట్టని వాళ్లున్నారు. భర్తను సమాధి చేసి మొదటిసారి ఒంటరిగా ఈ ఆరాధనకు వచ్చిన తల్లి ఉంది. అమ్మా, రెండేళ్లలో అంతా సర్దుకుంటుందని నేను మీకు చెప్పను. ఆ చెరలో ఉన్నవాళ్లను మరచిపోని దేవుడు మిమ్మల్నీ మరచిపోడని మాత్రం ధైర్యంగా చెబుతాను.

మరి ఏం తీర్మానం చేసుకోవాలి? అదీ ఆ ఉత్తరంలోనే ఉంది. ఇళ్లు కట్టుకోండి, తోటలు నాటండి, పిల్లలకు పెళ్లిళ్లు చేయండి అన్నాడు. అంటే కష్టం తీరాక బతుకుదామని ఆగొద్దు. ఆపేసిన చదువు మళ్లీ మొదలుపెట్టండి. మూలనపెట్టిన కుట్టుమిషన్ బయటికి తీయండి. సంవత్సరమంతా బైబిలు చదువుతానని మొక్కుకుని ఫిబ్రవరిలో లేవీయకాండం దగ్గర ఆగిపోయేకంటే, రోజుకో అధ్యాయం ఇంట్లో అందరూ కూర్చుని చదవండి.

ఇక ఏడో వచనం అన్నిటికన్నా కష్టం. తమను చెరపట్టిన పట్టణం క్షేమం కోసమే ప్రార్థన చేయమన్నాడు! మీకు అన్యాయం చేసినవాళ్లు, పొలం గట్టు దగ్గర మాటలు ఆగిపోయిన అన్నదమ్ములు, వాళ్ల పేర్లు మనసులో తెచ్చుకోండి. కొత్త సంవత్సరంలో మన మొదటి ప్రార్థన వాళ్ల కోసం. రండి, మోకరిద్దాం.