సార్ జేబులో వాషర్లు

వేదిక మీద ఉన్న పెద్దలకు, మా ఫైర్ స్టేషన్ సిబ్బందికి, సార్ కుటుంబానికి నమస్కారం.

ఇలాంటి సభల్లో మావాళ్లని పొగడడానికి అందరూ వాడే మాటలు రెండున్నాయి. ఈ కాగితంలో అవి రాయలేదు. నేను ఉద్యోగంలో చేరిన కొత్తలో ఎవరో ఆ మాటలతోనే నన్ను మెచ్చుకున్నారు. సార్ పక్కనే నిలబడి అంతా విన్నారు. వాళ్లు వెళ్లాక మెల్లగా, "అవి తలకెక్కితే ప్రెషర్ గేజ్ కనపడదురా" అన్నారు. పదకొండేళ్లయింది, ఇంకా మరిచిపోలేదు.

ఇవాళ రిటైరవుతున్న సార్ ముప్ఫై నాలుగేళ్లు పనిచేశారు. నాకు తెలిసింది అందులో మూడో వంతే.

ఒక రాత్రి మూడంతస్తుల ఇంటికి వెళ్లాం. రెండో అంతస్తులో ఒక గది తలుపు మూసి ఉంది. మంట కనపడడం లేదు, పొగ మాత్రం తలుపు కింది సందులోంచి బయటికి వస్తోంది, మళ్లీ లోపలికి పోతోంది, ఊపిరి తీసుకుంటున్నట్టు. నేను తలుపు తన్నబోయాను. సార్ నా కాలర్ పట్టుకుని వెనక్కి లాగారు. గ్లవ్ తీసి, అరచేయి కాకుండా చేతి వెనక వైపు తలుపు దగ్గర పెట్టి చూశారు. "ఆగు" అన్నారు. బయట నిచ్చెన మీద ఉన్నవాళ్లతో పై కిటికీ పగలగొట్టించి వేడి పొగకి దారి ఇప్పించారు. హోస్‌లో నీళ్లు నిండి, కొసన నీళ్లు చిమ్మే బ్రాంచ్ చేతికొచ్చేదాకా తలుపు తెరవనివ్వలేదు. ఆ రెండు నిమిషాలూ నాకు ఆయన మీద చాలా కోపం వచ్చింది. ఈయనకి భయమేమో అని కూడా అనుకున్నాను, ఇవాళ అందరి ముందూ ఒప్పుకుంటున్నాను. గాలి అందక అణిగి ఉన్న మంటకి నేను ఒక్క తన్నుతో గాలి ఇచ్చి ఉంటే ఆ గది మొత్తం మా మొహాల మీదికి పేలి వచ్చేది. ఇవాళ ఈ మైకు ముందు నిలబడడానికి నేనుండేవాణ్ణి కాదు.

నీళ్ల విషయంలోనూ అంతే. కొత్తవాళ్లు బ్రాంచ్ దొరికితే చాలు, గదంతా ఊరికే తడిపేస్తారు. "లీటరు నీళ్లు ఆవిరైతే దాదాపు పదిహేడు వందల లీటర్లవుతుంది. లోపల మనిషి ఉంటే మంట కన్నా ముందు నువ్వే కాలుస్తావు" అనేవారు. ఎక్కడ కొట్టాలో చూసి, కొద్దికొద్దిగా కొట్టించేవారు.

మంట ఆరాక మేమంతా హోస్ చుట్టుకుని బండెక్కే తొందరలో ఉంటాం. సార్ మాత్రం ఇంటివాళ్ల దగ్గరికెళ్లి "లోపల్నుంచి ముందు ఏం కావాలమ్మా?" అని అడిగేవారు. ఒకసారి ఒక అమ్మాయి సర్టిఫికెట్లంది. కాలిపోయిన మంచం కింద, మోకాళ్లలోతు బురద బూడిదలో వెతికి, వంకరపోయిన రేకుపెట్టె తీసుకొచ్చారు. కాగితాల అంచులు గోధుమరంగుకి తిరిగాయి కానీ అక్షరాలు మిగిలాయి. డ్యూటీ రిపోర్టులో ఈ పనికి కాలమ్ లేదు.

అందరినీ బయటికి తేలేకపోయిన రోజులూ ఉన్నాయి. అలాంటి ఒక తెల్లవారుజామున, స్టేషన్ వెనక, అప్పటికే కడిగేసిన హోస్‌ని ఆయన మళ్లీ కడుగుతూ కనిపించారు. నేనేమీ మాట్లాడకుండా రెండో కొస పట్టుకున్నాను. దాని గురించి ఇంతకన్నా చెప్పను, ఆయనకి ఇష్టముండదు.

వదినగారూ, బెల్ మోగిన ప్రతిసారీ మేం అరవై సెకన్లలో బయల్దేరేవాళ్లం. మీరు మాత్రం ఆయన తిరిగొచ్చేదాకా ఎదురుచూస్తూ కూర్చునేవారు. ఆ లెక్క ఏ రిజిస్టర్లోనూ ఎక్కలేదు. పొగ వాసన పోని ఆ చొక్కాలు ఎన్ని ఉతికారో మీకే తెలియాలి.

చివరగా సార్‌తో ఒక చిన్న విషయం. హోస్ కప్లింగ్‌లో రబ్బరు వాషర్ ఉంటుంది. బొటనవేలంత మందం కూడా ఉండదు. అది లేకపోతే నీళ్లు అక్కడే చిమ్మిపోతాయి, మంట దగ్గర బ్రాంచ్ పట్టుకున్నవాడికి ప్రెషర్ అందదు. రోజూ డ్యూటీ మారగానే ఒక్కో కప్లింగ్‌లో వేలు పెట్టి చూసేవారు మీరు. స్టోర్లో ఉన్నా నమ్మకం చాలక, ఎడమ జేబులో రెండు స్పేర్ వాషర్లు పెట్టుకుని తిరిగేవారు. మేం వెనకాల నవ్వుకునేవాళ్లం కూడా.

ఇప్పుడు కూడా మీ జేబులో ఉండే ఉంటాయి సార్. రేపు పొద్దున చెకింగ్ డ్యూటీ నాది. వెళ్లేముందు అవి నాకిచ్చి వెళ్లండి.