మిర్చి ముడతకు మందు కొట్టేముందు ఆకు తిరగేసి చూడండి

సిరొంచా, అంకీసా, అసరెల్లి వైపు మిర్చి నాట్లు వేసుకున్న అన్నలకు, అక్కలకు నమస్కారం. నాటిన నెలలోపే "ముడత వచ్చింది, ఏం కొట్టాలి?" అన్న టెన్షన్ మొదలవుతుంది. వెంటనే షాపుకెళ్లి వాళ్లిచ్చిన రెండు మూడు డబ్బాలు ఒకే పంపులో కలిపి కొట్టేస్తున్నారు. ముడత ఒకటే రకం కాదు. దేనివల్ల వచ్చిందో తెలియకుండా కొడితే డబ్బు పోతుంది, పురుగు మాత్రం ఉంటుంది.

ఆకు అంచులు పైకి లేచి దోనెలా ముడుచుకుంటే అది తామర పురుగు. దీన్నే పై ముడత అంటాం. లేత కొమ్మను తెల్ల కాగితం మీద తట్టి చూడండి, సన్నటి పురుగులు రాలి పాకుతాయి. అంచులు కిందికి వంగి, ఆకు కాడ సాగినట్టయితే తెల్లనల్లి, అంటే కింది ముడత. నల్లి పురుగుజాతి కాదు, సాలీడు జాతి. అందుకే తామర పురుగు మందు చాలావరకు దానిమీద పనిచేయదు. నల్లికి నీళ్లలో కరిగే గంధకం లీటరుకు 3 గ్రాములు సరిపోతుంది. మిట్టమధ్యాహ్నం ఎండలో మాత్రం కొట్టొద్దు, వేపనూనెతో కలపొద్దు, ఆకు మాడిపోతుంది. ఆకులు చిన్నవై గుబురుగా ముడుచుకుని మొక్క గిడసబారితే అది వైరస్, తెల్లదోమ మోసుకొస్తుంది. దానికి మందు లేదు. అలాంటి మొక్క ఒకటో రెండో కనబడగానే పీకి పొలం బయట పూడ్చేయాలి. మనసొప్పదు, నిజమే, కానీ వదిలేస్తే పక్క మొక్కలకు పాకుతుంది.

పూత రాగానే ఇంకో పని ఉంది. పూలు కోసి అరచేతిలో విదిలించి చూడండి. 2021-22 సీజన్‌లో గోదావరి అవతల తెలంగాణలో మిర్చిని దెబ్బతీసిన నల్ల తామర పురుగు పూలలోనే దాక్కుంటుంది. పూత రాలిపోతుంది, కాయ నిలబడదు. అప్పట్లో భయపడి పైరిత్రాయిడ్ మందులు పదేపదే కొట్టినచోట పురుగు తగ్గలేదు, దాన్ని తినే మేలు చేసే పురుగులే చచ్చాయి. ఆ మందుల జోలికి వెళ్లకపోవడమే మంచిదని నా గట్టి సలహా.

మందుకంటే ముందు చేసుకోవాల్సినవి కొన్ని ఉన్నాయి. తామర పురుగుకు ఎకరాకు 25 నుంచి 30 నీలి రంగు జిగురు అట్టలు, తెల్లదోమకు కొన్ని పసుపువి, మొక్క తల ఎత్తులో కట్టండి. మొక్క పెరిగేకొద్దీ అట్టను కూడా పైకి జరపాలి, చాలామంది ఇదే మర్చిపోతారు. చేను చుట్టూ రెండు మూడు వరుసలు మొక్కజొన్న గానీ జొన్న గానీ ఉంటే పక్క చేను నుంచి వచ్చే పురుగుకు కొంత అడ్డు. కాయతొలుచు పురుగుకు అక్కడక్కడ బంతి, లద్దె పురుగుకు గట్ల మీద ఆముదం వేసి, ఆ ఆకుల మీది గుడ్ల ముద్దలను ఏరేయండి. యూరియా ఒకేసారి కుమ్మరించొద్దు, లేత పచ్చటి ఆకంటే రసం పీల్చే పురుగులకు మహా ఇష్టం.

వేప కషాయం ఇంట్లోనే చేసుకోవచ్చు. ఎండాకాలంలో ఏరి దాచిన గింజల పప్పు 5 కిలోలు దంచి, గుడ్డలో మూటకట్టి 10 లీటర్ల నీళ్లలో రాత్రంతా నానబెట్టాలి. పొద్దున మూటను బాగా పిండి, వడకట్టి, మొత్తం 100 లీటర్లు చేసి, 100 గ్రాముల సబ్బు పొడి కలపాలి. అదేరోజు సాయంత్రం ఆకు అడుగు తడిసేలా కొట్టాలి, మర్నాటికి ఉంచితే బలం తగ్గుతుంది. ఇది పురుగును తక్షణం చంపదు, తినకుండా, పెరగకుండా చేస్తుంది. కాబట్టి పురుగు కొద్దిగా ఉన్నప్పుడే మొదలుపెట్టాలి. చేనంతా ముడుచుకున్నాక దీనిమీద ఆశ పెట్టుకోకండి.

రసాయన మందు తప్పదనుకుంటే ఒకసారికి ఒకటే, లేబుల్ మీద మిర్చి పేరు ఉన్నదే, బిల్లుతో తీసుకోండి. మరాఠీలో ఉందని చదవకుండా వదలొద్దు, బడికెళ్లే పిల్లలతో చదివించుకోండి. 2017లో మన మహారాష్ట్రలోనే యవత్మాల్ జిల్లాలో పత్తికి మందు కొడుతూ విషం ఎక్కి పలువురు రైతులు, కూలీలు ప్రాణాలు పోగొట్టుకున్నారు. గాలికి ఎదురుగా కొట్టొద్దు, నిండు చేతుల చొక్కా, మాస్కు, గ్లౌజులు లేకుండా కూలీని చేనులోకి దించొద్దు. తల తిరిగినా, వాంతి వచ్చినా డబ్బా పట్టుకుని నేరుగా ఆసుపత్రికి వెళ్లండి, ఏ మందో డాక్టరుకు తెలియాలి.

కోత దగ్గరపడితే లేబుల్ మీద రాసిన గడువు రోజులు పూర్తయ్యాకే కాయ కోయండి. ఏ ముడతో తేల్చుకోలేకపోతే రెండు కొమ్మలు సంచిలో వేసుకుని మీ ఊరి కృషి సహాయక్‌కు చూపించండి, లేదా ఆకు పైభాగం, అడుగుభాగం రెండూ కనబడేలా ఫోటో తీసి గడ్చిరోలి కృషి విజ్ఞాన కేంద్రం వాళ్లకు పంపండి.