గుమ్మం దగ్గర కలుద్దాం, తమ్ముడూ

అందరికీ నమస్కారం. నేను పెళ్ళికొడుకు అక్కని. నాకు మైకు ఇవ్వొద్దని వాడు పొద్దుట్నుంచి మా ఆయన్ని బతిమాలుతున్నాడు. ఎందుకో ఇప్పుడు చెప్తాను.

మా చిన్నోడు పదో తరగతిలో రోజూ ట్యూషన్ నుంచి అరగంట ఆలస్యంగా వచ్చేవాడు. అడిగితే సైకిల్ చైన్ ఊడిందనేవాడు. రోజూనా? రోజూనే. అదీ దానవాయిపేటలో ఒకే ఇంటి ముందు! అమ్మ నమ్మింది. నాన్న పాపం కొత్త చైన్ వేయించారు. అదీ ఊడింది. నేను మాత్రం వాడి చేతులు చూశాను. చైన్ ఎక్కించిన చేతికి గ్రీజు అంటాలి కదా! వీడి చేతులు తెల్లగా ఉన్నాయి, పైగా ఒకటే పౌడరు వాసన.

ఇక ఇంటర్. హిందీ అంటేనే జ్వరం తెచ్చుకునేవాడు, ఉన్నట్టుండి హిందీ ప్రచార సభ వాళ్ళ ప్రాథమిక పరీక్ష రాస్తానన్నాడు. అమ్మ మురిసిపోయి ఫీజు కట్టింది. ఆ క్లాసులో రెండు జడల అమ్మాయి ఉందని నాకు నెల తర్వాత గానీ తెలియలేదు. ఆ అమ్మాయి మధ్యమకి వెళ్తే వీడూ మధ్యమ. తను రాష్ట్రభాష అంటే వీడూ రాష్ట్రభాష. అన్నీ పాసయ్యాడు. ఆ అమ్మాయితో మాత్రం హిందీలో కాదు కదా, తెలుగులో కూడా ఒక్క మాట మాట్లాడలేదు. ఇప్పుడు పుణేలో ఆటోవాళ్ళతో దర్జాగా బేరమాడుతున్నాడంటే ఆ అమ్మాయి చలవే. ఎక్కడున్నా చల్లగా ఉండాలి.

వీటిలో ఒక్కటీ వాడు నాకు చెప్పలేదు. ఏదీ నోటితో చెప్పడు. నా పెళ్ళిలో అప్పగింతలప్పుడు అందరూ ఏడుస్తుంటే వీడు కనపడనేలేదు. నాకు కోపం వచ్చింది. అత్తారింటి దగ్గర కారు డిక్కీ తెరిస్తే నా పాత బూరుగుదూది దిండు, అమ్మ చీరలో చుట్టి ఉంది. అది లేకపోతే అక్కకి నిద్ర పట్టదని వాళ్ళ బావకి చెప్పి మరీ పెట్టాడట. అప్పగింతల్లో ఏడవని దాన్ని, ఆ దిండు మీద తల పెట్టుకుని ఏడ్చాను.

అలాంటి వాడు పోయిన శ్రావణంలో రాత్రి పదకొండున్నరకి ఫోన్ చేసి, హలో కూడా అనకుండా, "అక్కా, స్వాతి" అన్నాడు. అంతే. వాడి నోటి వెంట ఒక అమ్మాయి పేరు వినడం అదే మొదటిసారి. మంచం మీద లేచి కూర్చున్నాను.

స్వాతీ, వాడు నోరు విప్పలేదని ఎప్పుడూ బెంగపడకమ్మా. చేతులు చూడు, తెలిసిపోతుంది. అప్పటికీ తెలియకపోతే వదినకి ఫోన్ చెయ్యి. అర్ధరాత్రయినా సరే.

ఒరేయ్ చిన్నోడా, రేపు గృహప్రవేశానికి గుమ్మానికి అడ్డంగా నిలబడేది నేనే. ఆడపడుచు కట్నం సంగతి తర్వాత చూసుకుందాం. పెళ్ళాం పేరు చెప్పందే లోపలికి రానివ్వను. గొణిగితే కుదరదు. వీధి చివర పాలబూత్ దాకా వినపడాలి!