హక్కు విడుదల దస్తావేజు

2025 జూన్ 12వ తేదీన తెనాలి కాపురస్థులు కొల్లి వెంకటరమణ గారికి, వారి చెల్లెలు, హైదరాబాద్ కాపురస్థురాలు మేడా పద్మావతి వ్రాసి ఇచ్చిన హక్కు విడుదల దస్తావేజు.

మన నాన్నగారు సుబ్బారావు గారు 2019లో వీలునామా వ్రాయకుండా కాలం చేశారు. అమ్మ అంతకుముందే గతించారు. వారసులం మనమిద్దరమే. దిగువ షెడ్యూలు ఇంటిలో నాకు సంక్రమించిన అవిభక్త సగం వాటాను మీకు విడుదల చేశాను. ప్రతిఫలం రూ.6,00,000 (అక్షరాలా ఆరు లక్షల రూపాయలు) డీడీ ద్వారా నాకు ముట్టినవి. ఇకపై ఆ ఇంటిలో నాకు గానీ నా వారసులకు గానీ ఏ హక్కూ లేదు. ఈ వాటాను ఎవరికీ అమ్మలేదు, తాకట్టు పెట్టలేదు. మునిసిపల్ రికార్డుల్లో పేరు మార్పునకు అభ్యంతరం లేదు. పుట్టింటి రాకపోకలకు దీనితో సంబంధం లేదు. ఎవరి బలవంతమూ లేకుండా, నా సమ్మతితో వ్రాసి ఇచ్చాను.

షెడ్యూలు: గుంటూరు జిల్లా, తెనాలి మునిసిపాలిటీ, డోర్ నెం. 12-4-37, 180 చదరపు గజాల స్థలం, అందలి డాబా ఇల్లు. తూర్పు: మునిసిపల్ రోడ్డు. దక్షిణం: కొండయ్య ఇల్లు. పడమర: మురుగు కాలువ. ఉత్తరం: రాఘవమ్మ ఖాళీ స్థలం.

(సం) మేడా పద్మావతి
సాక్షులు: (సం) పి. శ్రీనివాసరావు, (సం) కె. అనసూయ