ఏ ఏటి గింజ

సీసా మూత తీయగానే తాతయ్యకి గింజల మధ్య రెండు చీటీలు కనిపించాయి. ఒక సీసాలో ఒకటే ఉండాలి. రెండూ బయటికి తీసి, కిటికీ దగ్గర వెలుతురులో పట్టుకుని చదివాడు.

ఒకదాని మీద "2021, గుండ్రటి సొర, పూలు కట్టినవి" అని ఉంది. రెండోదాని మీద "2023, గుండ్రటి సొర, పూలు కట్టలేదు".

"హాసినీ, ఒకసారి ఇలా రా అమ్మా."

సెలవులకి వచ్చిన హాసిని పొద్దున్నే అలమర సర్దింది. ఎవరూ చెప్పకుండానే, తనంతట తానే. సొర గింజల సీసాలు రెండు సగం సగం ఉంటే ఒకదాంట్లోకి ఒంపేసింది. ఖాళీ అయినదాన్ని శుభ్రంగా కడిగి, దాని చుట్టూ ఉన్న కాగితం నానబెట్టి ఊడదీసి, తన రంగు పెన్సిళ్లు వేసుకుంది. తాతయ్య పిలిచింది మెచ్చుకోవడానికే అనుకుని పరిగెత్తుకొచ్చింది.

"ఇవి రెండూ కలిపావా?"

"రెండూ సొరే కదా తాతయ్యా. అందుకే కలిపా."

తాతయ్య కోప్పడలేదు. కుర్చీ లాక్కుని కూర్చుని, గుప్పెడు గింజలు అరచేతిలో పోసుకుని ఆమె ముందు పెట్టాడు. "సరే. ఇందులో 2021వి ఏవో ఏరి పక్కన పెట్టు చూద్దాం."

ఆ పని చిటికెలో అయిపోతుందనుకుంది. కాస్త ముదురు రంగువి ఒక పక్క, లేతవి ఇంకో పక్క పెట్టింది. తర్వాత ముదురు కుప్పలో లేతది ఒకటి కనిపించింది. దాన్ని ఇటు మార్చేసరికి అలాంటివే ఇంకో నాలుగు. భూతద్దం తెచ్చుకుంది. అంచులు చూసింది, గీతలు చూసింది, ఒకదాన్ని వాసన కూడా చూసింది. అరగంటయ్యాక రెండు కుప్పలూ కలిపేసి చేతులు దులుపుకుంది.

"అన్నీ ఒకేలా ఉన్నాయి."

"అందుకే ఏడాది పెద్దక్షరాల్లో రాసి, పేరు కింద చిన్నగా రాస్తా. పేరు రాయకపోయినా పర్లేదు, గింజ చూస్తే సొరో బీరో తెలిసిపోతుంది. ఏ ఏడాదిదో మాత్రం గింజ చెప్పదు."

"తెలియకపోతే ఏమవుతుంది? వేస్తే మొలుస్తుందిగా."

తాతయ్య లేచి అలమర కింది అరలోంచి ఇంకో రెండు చిన్న సీసాలు తీశాడు. రెండింట్లోనూ నల్లటి ఉల్లి విత్తనాలే. ఒకటి 2021ది, ఒకటి 2024ది. పాత బట్ట రెండు ముక్కలు తడిపి గట్టిగా పిండి, ఒక్కోదాని మీద పదేసి గింజలు లెక్కపెట్టి పరిచి చుట్టమన్నాడు. బట్ట తడిగా ఉండాలి, నీళ్లు కారకూడదు, నీళ్లెక్కువైతే మొలవాల్సినది కూడా కుళ్లిపోతుంది. ఒక్కో చుట్టకి చీటీ కట్టమన్నాడు. హాసిని ఈసారి అడక్కుండానే ఏడు పెద్దగా రాసింది.

వారం పైన పట్టింది. రోజూ విప్పి చూడటం, తడి ఆరితే నీళ్లు చిలకరించడం ఆమె పనే. చివరికి 2024 చుట్టలో ఎనిమిదింటికి తెల్లటి మొలకలు వంపు తిరిగి కనిపించాయి. 2021 చుట్టలో ఒక్కటీ లేదు. వాటిలో ఒకదాన్ని వేళ్ల మధ్య నొక్కితే మెత్తగా చితికిపోయింది.

"పైకి చూస్తే బాగానే ఉన్నాయి కదా!" అంది. కొంచెం మోసపోయినట్టుగా.

"గింజలో ఉన్నదీ ప్రాణమే. నిద్రలో ఉన్నా కొద్దికొద్దిగా ఊపిరి తీస్తూ, దాచుకున్నది ఖర్చు పెట్టుకుంటూ ఉంటుంది. వేడి, చెమ్మ తగిలితే ఆ ఖర్చు ఎక్కువ. ఉల్లి త్వరగా పోతుంది, మామూలుగా దాస్తే ఏడాది, మహా అయితే రెండేళ్లు. బెండ, మిరప ఇంకొంచెం ఆగుతాయి. టమాటా, దోస, సొర బాగా ఎండబెట్టి దాస్తే నాలుగైదేళ్లు నిలుస్తాయి. ఈ సీసా మీద ఏడు లేదనుకో, నేను మడి అంతా 2021 ఉల్లి చల్లి, మొలవలేదేమిటా అని మట్టిని తిట్టుకుంటూ కూర్చునేవాణ్ణి."

"ఎనిమిది మొలిస్తే?"

"పదికి ఎనిమిది అంటే కొంచెం ఒత్తుగా చల్లితే చాలు. ఐదే మొలిస్తే రెట్టింపు చల్లాలి. రెండో మూడో అయితే ఇక దాచి లాభం లేదు, ఆ ఏడే మొత్తం వేసేసి, వచ్చినవాటి నుంచి కొత్త గింజ తీసుకోవాలి."

ఇలా వివరాల్లోకి దిగితే తాతయ్యకి టైమ్ తెలీదు. చీటీ పెన్సిల్‌తోనే ఎందుకు రాయాలంటే, పెన్ను సిరా వెలిసిపోతుంది, చెమ్మకి పాకుతుంది. మూత మీద రాయకూడదు, మూతలు తారుమారవుతాయి. బయట ఒకటి అంటించినా లోపల ఇంకొకటి వెయ్యాలి, ఎందుకంటే ఎవరో ఒకరు బయటిది ఊడదీసి పెన్సిళ్లు వేసుకుంటారు. (ఇది చెప్పేటప్పుడు అతను నవ్వలేదు. అమ్మమ్మ నవ్వింది.) రాసే ఏడు కాయ కోసిన ఏడు, సీసాలో పోసిన ఏడు కాదు. గింజ వయసు అక్కణ్ణుంచే మొదలవుతుంది మరి.

అతనికి ఇష్టమైన కబురు ఇంకొకటి ఉంది. 1879లో అమెరికాలో విలియం బీల్ అనే వృక్షశాస్త్రవేత్త ఇరవై సీసాల్లో ఇసుకతో కలిపి కలుపు మొక్కల విత్తనాలు నింపి పాతిపెట్టాడు. గింజ మట్టిలో ఎన్నేళ్లు బతుకుతుందో తేల్చాలని ఆయన పట్టుదల. మొదట్లో ఐదేళ్లకొక సీసా తవ్వి తీసేవాళ్లు, తర్వాత పదేళ్లకి, ఇప్పుడు ఇరవై ఏళ్లకి ఒకటి. 2021లో తీసినదాంట్లో కూడా కొన్ని మొలిచాయి.

"మళ్లీ ఎప్పుడు తీస్తారు?"

"2040లో."

హాసిని వేళ్లు లెక్కపెట్టుకుంది. "అప్పటికి నాకు ఇరవై ఆరు. నీకు?"

"నా మీద కూడా ఏడు రాసి పెట్టండి, తెలుస్తుంది."

అంతా బాగానే ఉంది కానీ, సొర గింజల సంగతి హాసిని మర్చిపోలేదు. సొర నాలుగైదేళ్లు నిలుస్తుందని ఆయనే అన్నాడు. 2021వీ మొలుస్తాయి, 2023వీ మొలుస్తాయి. మరి కలిపితే వచ్చిన నష్టమేమిటి? మధ్యాహ్నం పెరట్లో అదే అడిగింది.

తాతయ్య తీగ ఎత్తి ఒక మొగ్గ చూపించాడు. సాయంత్రానికి విచ్చేలా ఉంది, కొనలో తెల్లటి రేకులు తొంగి చూస్తున్నాయి. వెనకాల గోళీకాయంత పిందె, దాని నిండా నూగు.

"ఇది ఆడపువ్వు. సొరపువ్వు సాయంత్రం విచ్చుకుంటుంది, చీకటి పడ్డాక పురుగులు వాలతాయి. అవి ఇంతకుముందు ఎక్కడ వాలి వచ్చాయో మనకి తెలీదు. గోడ అవతల వాళ్లు పొడుగు సొర వేస్తారు. ఆ పుప్పొడి దీనికంటితే..."

"కాయ పొడుగ్గా వస్తుందా?"

"రాదు! అక్కడే ఉంది తిరకాసు. ఈ ఏడు కాయ తల్లిలాగే గుండ్రంగానే వస్తుంది. కలిసిన సంగతి లోపలి గింజకే తెలుసు. మనకి తెలిసేది ఆ గింజ వేసి, అది తీగై కాశాక. అంటే వచ్చే ఏడు."

అందుకే విత్తనానికి అనుకున్న మొగ్గల్ని విచ్చకముందే దారంతో కట్టేస్తాడు. సాయంత్రం విప్పి, అదే తీగ నుంచి ముందే కట్టి ఉంచిన మగపువ్వు తెంపి పుప్పొడి అద్ది, మళ్లీ కడతాడు. 2021లో అలాగే చేశాడు. 2023లో కాలు విరిగి మంచం మీద ఉన్నాడు. పూలు కట్టేవాళ్లు లేరు, గింజ మాత్రం తీసి దాచారు. ఆ చీటీ రాసింది అమ్మమ్మ.

హాసిని మొహం మెల్లగా మారింది. "అంటే అవి పొడుగు సొరతో కలిసి ఉండొచ్చు."

"ఉండొచ్చు, లేకపోవచ్చు. వేసి చూద్దామనుకున్నా. తేడా వస్తే వెనక్కి వెళ్లడానికి 2021 ఉంది కదా అని ధీమాగా ఉన్నా."

ఆమె ఇంకేమీ అడగలేదు. కాసేపు గట్టు మీద కూర్చుంది. తర్వాత లోపలికెళ్లి పెన్సిళ్ల సీసా ఖాళీ చేసి తెచ్చింది. ఎందుకు తెచ్చిందో తనకీ తెలీదు.

"ఏడ్చే పనేం కాదులే. ఉన్న జాగాలో ఎనిమిది పాదులు పెట్టొచ్చు," అన్నాడు తాతయ్య. "ప్రతి పాదుకీ పుల్ల గుచ్చి నంబరు వేద్దాం. పూలన్నీ కడదాం. ఏ పాదు కాయ వంకర తిరిగితే దాని గింజ వద్దు. గుండ్రంగా కాసినా వెంటనే నమ్మకూడదు, ఆ పై ఏడు కూడా చూడాలి. రెండేళ్ల పని పెట్టావు నాకు."

"చీటీ ఏమని రాయాలి?"

"జరిగింది రాయి."

హాసిని పెన్సిల్ చెక్కుకుని రాసింది: "2021, 2023 కలిసినవి. గుండ్రటి సొర. నమ్మకూడదు." కాసేపు ఆలోచించి కింద "కలిపింది హాసిని" అని చేర్చింది. అది అక్కర్లేదన్నాడు తాతయ్య. "ఎప్పుడైనా అనుమానం వస్తే ఎవర్ని అడగాలో తెలియాలిగా," అని చీటీ సీసాలో పడేసి మూత బిగించింది.

సెలవులైపోయి వెళ్లిపోయాక ఆదివారాలు ఫోన్‌లో పాదుల హాజరు మొదలైంది. అన్నీ మొలిచాయి. ఏడోదాన్ని పందిరి ఎక్కకముందే పురుగు తినేసింది. కాయలు దిగాక తాతయ్య మూడో పాదు సంగతి చెప్పాడు. మెడ సాగి, గుండ్రమూ కాక పొడుగూ కాక ఉన్నాయట.

"పీకెయ్ తాతయ్యా."

"కాయలు నవనవలాడుతున్నాయే. గింజ తియ్యం, అంతేగా. తీగ ఉండనీ."

"దాని పుప్పొడి మిగతావాటికి పోదూ?"

"పూలు కడుతున్నాగా."

"అన్నీ కట్టావా? మొన్న వాన పడింది, మోకాలు నొప్పి అన్నావు."

అవతల కాసేపు మాట లేదు. "ఐదోదాంట్లో ఒక పువ్వుకి దారం జారిపోయింది," అన్నాడు చివరికి. "పొద్దున చూస్తే విచ్చుకుని ఉంది. పిందె నిలబడింది కూడా."

"అయితే ఆ కాయ విత్తనానికి వద్దు. ఇప్పుడే వెళ్లి ఎర్రదారం కట్టెయ్, మళ్లీ మర్చిపోతావు."

"ఎర్రది లేదే. నల్లది కట్టనా?"

"నల్లది విత్తనం కాయలకి కట్టావుగా తాతయ్యా! అమ్మమ్మకి ఫోనివ్వు."