86,975ని 28తో భాగించడం: పూర్తి లెక్క, సరిచూడటంతో సహా

లెక్క: విశాఖపట్నం ఎంవీపీ కాలనీలోని ఒక అపార్ట్‌మెంట్‌లో 28 ఫ్లాట్లు ఉన్నాయి. ఉప్పుగాలికి తుప్పు పట్టిన లిఫ్టు తలుపులు, మెట్ల రెయిలింగు బాగు చేయించడానికి 86,975 రూపాయలయింది. అందరూ సమానంగా వేసుకుంటే ఒక్కో ఫ్లాటుకు ఎంత? ఎంత మిగులుతుంది?

ఇక్కడ విభాజ్యం 86,975. విభాజకం 28.

పెన్ను పెట్టే ముందు జవాబు ఎంత ఉండొచ్చో ఒక అంచనా వేసుకోండి. 28ని 30 అనుకుంటే 87,000లో 30 సుమారు 2,900 సార్లు పోతుంది. అసలు విభాజకం 30 కంటే చిన్నది కాబట్టి జవాబు దీనికి కొంచెం ఎక్కువే వస్తుంది. అంటే భాగఫలానికి నాలుగు అంకెలుండాలి. ఈ ఒక్క మాట గుర్తుంటే చివర్లో పెద్ద తప్పు దొరికిపోతుంది.

తర్వాత పేజీ పక్కన 28 ఎక్కం రాసుకోండి: 28, 56, 84, 112, 140, 168, 196, 224, 252. రెండంకెల విభాజకంతో పిల్లలు తడబడేది ఎక్కువగా ఎక్కం దగ్గరే. ఇది రాసుకుంటే ఊహించాల్సిన పని తగ్గుతుంది.

గళ్ల నోటుపుస్తకంలో గడికి ఒక అంకె చొప్పున రాయండి.

```
28 ) 86975 ( 3106
     84
     --
      29
      28
      --
       17
        0
       --
       175
       168
       ---
         7
```

మొదటి అంకె 8లో 28 పోదు. అందుకే రెండంకెలు కలిపి 86 తీసుకుంటాం. ఇవి 86 వేలు. 28 × 3 = 84, 28 × 4 = 112. 112 ఎక్కువైపోయింది కాబట్టి భాగఫలంలో 3 రాసి, 86 కింద 84 రాసి తీసివేస్తే 2. డబ్బుల్లో చెప్పాలంటే ఒక్కో ఫ్లాటు లెక్కలో 3,000 పడింది, మొత్తం 84,000 తీరిపోయింది, ఇంకా 2,975 ఉంది.

వందల స్థానంలోని 9ని దించితే 29. ఒకసారి పోతుంది. భాగఫలంలో 1. 29 − 28 = 1.

పదుల స్థానంలోని 7ని దించితే 17. అసలు జాగ్రత్త ఇక్కడే కావాలి. 17లో 28 పోదు కదా అని చాలామంది వెంటనే 5ని కూడా దించేసి ముందుకెళ్తారు. అప్పుడు జవాబు 316 అవుతుంది. మూడు వేల చిల్లర కట్టాల్సిన ఫ్లాటు మూడు వందల చిల్లరతో సరిపెట్టుకున్నట్టు! అంకె దించిన ప్రతిసారీ భాగఫలంలో ఒక అంకె రాసి తీరాలి. పోకపోతే 0 రాయాలి. కొత్తగా నేర్చుకుంటున్నవాళ్లు ఆ 0ని 17 కింద కూడా రాసి తీసివేయడం మంచిది. చేయి తిరిగాక ఆ వరుస వదిలేయవచ్చు.

ఒకట్ల స్థానంలోని 5ని దించితే 175. 28ని 30 అనుకుని అంచనా వేస్తే 5 సార్లు అనిపిస్తుంది. 28 × 5 = 140, తీసివేస్తే 35 మిగులుతుంది. 35 విభాజకం కంటే పెద్దది, అంటే ఇంకొక్కసారి పోతుంది. 5 కొట్టేసి 6 వేయండి. 28 × 6 = 168. 175 − 168 = 7. దించడానికి ఇక అంకెలు లేవు.

భాగఫలం 3,106. శేషం 7.

ఇప్పుడు సరిచూద్దాం. విభాజకం × భాగఫలం + శేషం = విభాజ్యం కావాలి.

```
   3106
 x   28
 ------
  24848
  62120
 ------
  86968
 +    7
 ------
  86975
```

మొదటి వరుస 3106 × 8, రెండోది 3106 × 20. రెండో వరుసలో చివరి సున్నా మరిచిపోతే సరైన భాగహారం కూడా తప్పులా కనిపిస్తుంది. శేషం కలపడం మరిచినా అంతే.

గుణించి చూస్తే సరిపోయిందని ఆగిపోకండి. పై లెక్కలో 5 దగ్గరే ఆగి భాగఫలం 3,105, శేషం 35 అని రాశారనుకోండి. 3105 × 28 = 86940, దానికి 35 కలిపితే 86975. సరిపోయింది! కానీ జవాబు తప్పు. అందుకే శేషం విభాజకం కంటే చిన్నదా అని విడిగా చూడాలి. ఇక్కడ 7, 28 కంటే చిన్నది. ఇంకొకటి: లెక్క ఎక్కించుకునేటప్పుడే 86,975ని 89,675 అని రాసుకుంటే సరిచూడటంలో అది బయటపడదు. ప్రశ్నలోని సంఖ్యతో పోల్చి చూసుకోవాల్సిందే.

జవాబు: ఒక్కో ఫ్లాటుకు 3,106 రూపాయలు, ఇంకా 7 రూపాయలు మిగులుతాయి. ఆ 7 రూపాయలు కూడా పనివాళ్లకు ఇవ్వాల్సినవే కాబట్టి ఏడు ఫ్లాట్లు 3,107 చొప్పున, మిగతా 21 ఫ్లాట్లు 3,106 చొప్పున కడితే సరిగ్గా తీరుతుంది.

సొంతంగా చేయడానికి: 74,281 ÷ 37. ఇందులో సున్నాలు రెండు పక్కపక్కన వస్తాయి. భాగఫలం 2,007, శేషం 22 వచ్చాయా? 2007 × 37 = 74259; 74259 + 22 = 74281.