వర్షాకాల ప్రచార కిట్: తేదీలు, బ్రాంచీల్లో పూర్తి కావలసిన పనులు

తేదీ: 4 మే 2026

బ్రాంచి మేనేజర్లందరికీ,

నమస్కారం.

ఈ ఏడాది వర్షాకాల ప్రచారం జూన్ 1, సోమవారం మొదలై జూలై 12, ఆదివారంతో ముగుస్తుంది. ఈ ఆరు వారాలకు కావలసిన ప్రచార కిట్‌ను బ్రాండ్ ప్రధాన కార్యాలయం మన ఆరు బ్రాంచీలకూ నేరుగా పంపుతోంది. కిట్‌లో ఏమేమి వస్తాయో, ఏ పని ఏ తేదీకి పూర్తి కావాలో, ఎక్కడ జాగ్రత్త పడాలో తెలియజేయడానికే ఈ ఉత్తరం రాస్తున్నాను. మీరు చదివిన తరువాత స్టోర్‌రూమ్ చూసుకునేవారికీ, బిల్లింగ్ కౌంటర్‌లో ఉండేవారికీ కూడా చదివి వినిపించండి, ఎందుకంటే ఇందులో సగం పనులు వారి చేతుల మీదుగా జరిగేవే.

ముందుగా నిరుటి సంగతి ఒకటి చెప్పాలి. ప్రచారం ముగిసిన మర్నాడు నేను మన బ్రాంచీల్లో ఒకదానికి వెళ్ళి కౌంటర్ పక్కన నిలబడి ఉండగా, ఒక కస్టమర్ చెప్పుల జత తెచ్చి బిల్లు వేయమన్నారు. తగ్గింపు రాలేదేమని ఆయన అడిగితే, ఆఫర్ నిన్నటితో అయిపోయిందని మన క్యాషియర్ మర్యాదగానే సమాధానం చెప్పారు. ఆయన ఏమీ వాదించలేదు. తలుపు దగ్గరకు నడిచి, అద్దానికి ఇంకా అంటుకుని ఉన్న పోస్టర్ మీద వేలు పెట్టి చూపించి, వెనక్కి తిరిగి మా ఇద్దరి వైపు చూశారు. ఆ పోస్టర్ మీద ముగింపు తేదీ ఉంది కానీ, అది కింది అంచున చిన్న అక్షరాల్లో ఉంది. దాని మీదుగా మనవాళ్ళే టేపు అంటించారు. తగ్గింపు ఇచ్చి పంపించాము. ఆ తగ్గింపును బ్రాండ్ కార్యాలయం ఒప్పుకోలేదు కనుక అది మన ఖాతాలోనే పడింది. ఇందులో తప్పు ఆ బ్రాంచి ఒక్కదానిదే అనను. నిరుడు కిట్ మీ చేతికి అందింది ప్రచారానికి రెండు రోజుల ముందు. తీసివేసే తేదీని నేను ఎక్కడా రాసి ఇవ్వలేదు. గోడకు అంటించిన ప్రతి కాగితమూ కస్టమర్‌కు మనం ఇచ్చిన మాటే కాబట్టి, అతికించే తేదీకి ఎంత విలువ ఇస్తామో పీకే తేదీకీ ఈసారి అంతే విలువ ఇద్దాము.

కిట్ మే 18, 19, 20 తేదీల్లో మీకు అందుతుంది. ప్రతి బ్రాంచికీ రెండు అట్టపెట్టెలు వస్తాయి. పెద్ద పెట్టెలో తలుపు దగ్గర నిలబెట్టే స్టాండీ ఒకటి, అద్దానికి అంటించే పోస్టర్లు నాలుగు, పైకప్పు నుంచి వేలాడదీసే డ్యాంగ్లర్లు పన్నెండు, ర్యాకుల అంచులకు పెట్టే స్ట్రిప్‌లు ముప్పై, ఏది ఎక్కడ ఉండాలో బొమ్మలతో చూపే డిస్‌ప్లే ప్లాన్ ఉంటాయి. చిన్న పెట్టెలో యాభై కూపన్ల చొప్పున నాలుగు పుస్తకాలు, పాదరక్షల సంరక్షణ గురించిన కరపత్రాలు ఐదు వందలు, సిబ్బంది బ్యాడ్జీలు, మూడు రకాల సోల్ నమూనా ముక్కలు ఉంటాయి. పెట్టెలు అందిన రోజే తెరిచి, లోపలి జాబితాతో సరిచూసి, కూపన్ పుస్తకాల మొదటి, చివరి నంబర్లను రిజిస్టర్‌లో రాసి సంతకం చేయండి. ఏదైనా తక్కువ వచ్చినా, చిరిగి వచ్చినా ఇరవై నాలుగు గంటల లోపు ఫొటోతో సహా నాకు తెలపాలి. ఆ గడువు దాటితే ప్రధాన కార్యాలయం బదులు పంపదు. కూపన్ పుస్తకాలను క్యాష్ లాకర్‌లోనే ఉంచండి.

కిట్‌ను షాపులో పెట్టించే ముందే చూసుకోవలసిన పని ఒకటుంది. దీన్ని తేలికగా తీసుకోవద్దని ప్రత్యేకంగా కోరుతున్నాను. పీయూ సోల్ ఉన్న జతలు వాడకుండా పెట్టెల్లోనే ఉండిపోయినా గాలిలోని తేమ వల్ల లోలోపల విచ్ఛిన్నమవుతూ ఉంటాయి. పైకి కొత్తగా కనిపించే జత, కస్టమర్ నాలుగడుగులు వేసేసరికి పిండిలా రాలిపోతుంది. వానలో వేసుకోవడానికని మనమే చెప్పి అమ్మిన జత అలా రాలితే, ఆ కస్టమర్ మళ్ళీ మన గుమ్మం తొక్కరు. అందువల్ల మే 23, శనివారం లోపు స్టోర్‌రూమ్‌లో ఉన్న పీయూ సోల్ జతలన్నీ, ముఖ్యంగా గత సీజన్ నుంచి మిగిలినవి, పెట్టె తెరిచి చూడాలి. సోల్‌ను బొటనవేలితో గట్టిగా నొక్కండి, ముందు భాగాన్ని కొద్దిగా వంచండి; సన్నని బీటలు కనిపించినా, వేలికి జిగురుగా తగిలినా, పొడి రాలినా ఆ జతను అమ్మకం నుంచి తీసివేసి విడిగా జాబితా రాయండి. తోలు పాదరక్షల్లో బూజు మరకలు, ముక్కవాసన ఉన్నాయేమో కూడా అదే సమయంలో చూడండి. పెట్టెలను నేల మీదా, గోడకు ఆనించీ పేర్చి ఉంటే అరల మీదికి మార్పించండి. సిలికా జెల్ పొట్లాలను కస్టమర్‌కు చూపించేటప్పుడు తీసి పారేయకుండా తిరిగి పెట్టెలోనే వేయమని సేల్స్ సిబ్బందికి చెప్పండి.

శిక్షణ మే 25, 26, 27 తేదీల్లో, రోజుకు రెండు బ్రాంచీల చొప్పున, ఉదయం షాపు తెరవడానికి గంట ముందు జరుగుతుంది. మూడు రోజులూ నేనే వస్తాను. ఆ గంటలో ఎక్కువ సేపు సోల్ నమూనాల మీదే గడుపుదామనుకుంటున్నాను, ఎందుకంటే ఈ కిట్‌లో నాకు అన్నిటికంటే నచ్చిన వస్తువు అదే. ఈవీఏ ముక్క తేలికగా, మెత్తగా ఉంటుంది, నీటిని దాదాపుగా పీల్చుకోదు. రబ్బరు ముక్క బరువుగా ఉన్నా తడి నేల మీద పట్టు బాగా ఇస్తుంది. గాడులు లోతుగా ఉన్న అడుగు నీటిని పక్కలకు తోసేస్తుంది, అరిగి నున్నబడిన అడుగు ఆ పని చేయలేదు. ఈ మాటలు వల్లెవేసి చెప్పడం కంటే, రెండు ముక్కలూ కస్టమర్ చేతిలో పెట్టి, వారు పాత చెప్పు అడుగును తిప్పి చూసుకునేలా చేస్తే చాలు. తడిసిన తోలు బూట్లను ఎండలోనో హీటర్ ముందో పెట్టకూడదనీ, లోపల కాగితం కుక్కి నీడలో ఆరనివ్వాలనీ కరపత్రంలో ఉంది. కరపత్రాన్ని సంచిలో పడేసే ముందు ఆ ఒక్క మాట నోటితో చెప్పండి.

ఆఫర్ నిబంధనలు సులువైనవే. పాత జత ఏ కంపెనీదైనా తెచ్చి ఇచ్చిన కస్టమర్‌కు, వర్షాకాల శ్రేణిలోని ఒక జత మీద పదిహేను శాతం తగ్గింపు వస్తుంది. ఒక బిల్లుకు ఒక కూపన్ మాత్రమే. ఇప్పటికే తగ్గింపులో ఉన్న వాటికి ఇది వర్తించదు. బిల్లింగ్‌లో `RAIN15` అనే కోడ్ వేసి, కూపన్ నంబరు నమోదు చేస్తేనే తగ్గింపు పడుతుంది. మే 31, ఆదివారం రాత్రి షాపు మూసే ముందు ఒక పరీక్ష బిల్లు వేసి, రద్దు చేసి, కోడ్ పనిచేస్తోందని నాకు సందేశం పంపండి. సేకరించిన పాత జతలను తలుపు దగ్గరి డబ్బాలోనే ఉంచండి. అవి ఎట్టి పరిస్థితిలోనూ స్టోర్‌రూమ్‌లోకి వెళ్ళకూడదు. వాటి తేమా, బూజూ కొత్త సరుకుకు అంటుకుంటే మే 23 దాకా తనిఖీలో మనం పడిన శ్రమంతా వృథా అవుతుంది. ప్రతి సోమవారం వచ్చే సరుకు బండే వాటిని తిరిగి తీసుకెళుతుంది.

స్టాండీ, పోస్టర్లు, డ్యాంగ్లర్లు మే 30, శనివారం రాత్రి షాపు మూసిన తరువాత పెట్టించండి. ఆదివారం సరిదిద్దుకోవడానికి ఒక రోజు మిగులుతుంది. డిస్‌ప్లే ప్లాన్‌లో చూపినట్లే పెట్టాలి. అయితే చిన్న బ్రాంచీల్లో పన్నెండు డ్యాంగ్లర్లు పడితే మనిషి తల పైకెత్తలేడని నాకు తెలుసు, కాబట్టి ఎనిమిదికి తగ్గించుకోవచ్చు. ఈ మేరకు బ్రాండ్ కార్యాలయం అనుమతి ఇచ్చింది. ఏసీ గాలి సూటిగా తగిలే చోట డ్యాంగ్లర్ కట్టవద్దు, రోజంతా గిరగిరా తిరుగుతూ దాని మీది అక్షరం ఎవరికీ కనబడదు. ర్యాకు స్ట్రిప్‌లు సైజు నంబర్లను కప్పకూడదు. పోస్టర్ మీది ముగింపు తేదీ మీద టేపు పడకూడదని వేరే చెప్పనక్కరలేదనుకుంటాను. బ్రాండ్ గుర్తు, రంగులు, అక్షరాల ఆకృతి మార్చి స్థానికంగా పోస్టర్లు అచ్చు వేయించడానికి మన ఫ్రాంచైజీ ఒప్పందం అనుమతించదు. అదనంగా కావాలంటే నన్ను అడగండి. జూన్ 1 ఉదయం పదకొండు గంటల లోపు తలుపు, ప్రధాన ర్యాకు, బిల్లింగ్ కౌంటర్, ఈ మూడు చోట్ల తీసిన ఫొటోలు పంపాలి. ప్రచార నిధి నుంచి మనకు రావలసిన వాటా ఆ ఫొటోల ఆధారంగానే విడుదలవుతుంది.

ప్రచారం నడిచే రోజుల్లో నేను అడిగేది తక్కువే. ప్రతి శనివారం రాత్రి వాడిన కూపన్ల సంఖ్య, మిగిలిన కూపన్ల నంబర్లు, సైజు సెట్ తెగిపోయిన మోడళ్ళ పేర్లు ఒక్క సందేశంలో పంపండి. మామూలు సైజులు అయిపోయి చివరి సైజులే మిగిలిన మోడల్‌ను ముందు వరుసలో ఉంచితే అమ్మకం కంటే నిరాశే ఎక్కువ మిగులుతుంది. అలాంటివి మరో బ్రాంచికి బదిలీ చేయిస్తాను. జూన్ 29, సోమవారం సాయంత్రం ఆరుగురితోనూ ఫోన్‌లో సమీక్ష ఉంటుంది. అప్పటికి సగం కూపన్లు కూడా వాడని బ్రాంచిని తప్పు పట్టడం నా ఉద్దేశం కాదు. కౌంటర్‌లో కస్టమర్ ఏమని అడుగుతున్నారో, ఎక్కడ వెనక్కి తగ్గుతున్నారో ఉన్నదున్నట్లు చెబితే మిగిలిన రెండు వారాల్లో మార్చుకోవచ్చు.

జూలై 12 రాత్రి చివరి కస్టమర్ వెళ్ళిన తరువాత, షట్టర్ దించే లోపే పోస్టర్లు, స్టాండీ, డ్యాంగ్లర్లు, స్ట్రిప్‌లు అన్నీ తీయించి, ఖాళీ అద్దం ఫొటో పంపండి. ఈ పనికి ఇద్దరిని ముందుగానే నియమించి, వారికి ఆ రాత్రి అదనపు గంటల భత్యం రాయండి. ఒకవేళ ఏదైనా కారణంతో మర్నాడు పోస్టర్ మిగిలిపోయి, కస్టమర్ దాన్ని చూపించి అడిగితే, వాదించకుండా తగ్గింపు ఇచ్చి నాకు చెప్పండి. మిగిలిన కూపన్లను అడ్డంగా గీత గీసి రద్దు చేసి, రిజిస్టర్ నకలుతో సహా జూలై 17, శుక్రవారం లోపు నా కార్యాలయానికి చేర్చండి.

మీ బ్రాంచిలో కిట్ పెట్టెలు ఎవరు తీసుకుంటారో, పీయూ సోల్ తనిఖీ ఎవరు చేస్తారో, జూలై 12 రాత్రి ఉండే ఇద్దరు ఎవరో, ఈ పేర్లు మే 9, శనివారం లోపు నాకు తెలియజేయండి. శిక్షణ జరిగే వారంలో మీలో ఎవరైనా సెలవులో ఉండబోతే అది కూడా అప్పుడే చెప్పండి, శిక్షణ తేదీని మరో బ్రాంచితో మారుస్తాను.

ఇట్లు,
ఫ్రాంచైజీ యజమాని